ఎరువిచ్చిన బండికి, అద్దెకిచ్చిన కారుకి కెమెరా చలానా పడితే కట్టేది ఎవరు? యజమాని బాధ్యతను నడిపినవారికి మళ్లించే పద్ధతి

సంక్రాంతికి హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి వచ్చే చుట్టాలతో గోదావరి జిల్లాల్లో బండ్లు చేతులు మారతాయి. అమలాపురంలో మామగారి కారు అల్లుడు తీసుకుంటాడు, భీమవరంలో బావమరిది బండి బావ నడుపుతాడు, రాజమహేంద్రవరంలో సెల్ఫ్ డ్రైవ్ కార్లన్నీ పండగకు ముందే అద్దెకు వెళ్లిపోతాయి. పండగ వెళ్లిన వారానికో పది రోజులకో చలానా సందేశం వస్తుంది. అది నడిపినవారి ఫోనుకు రాదు, ఆర్సీలో ఎవరి పేరుంటే వారి ఫోనుకు వస్తుంది. కెమెరాకు దొరికేది నంబరు ప్లేటు కాబట్టి, ఆ నంబరు ప్రభుత్వ వాహనాల నమోదు పట్టిక అయిన వాహన్‌లో ఎవరి పేరున ఉందో వారినే ప్రభుత్వం ముందుగా అడుగుతుంది.

ఇక్కడ రెండు బాకీలు ఉన్నాయని మొదటే గ్రహించాలి. ఒకటి నేరం చేసినవారు ప్రభుత్వానికి పడే బాకీ, రెండోది బండి వాడుకున్నవారు బండి ఇచ్చినవారికి పడే బాకీ. అద్దె ఒప్పందంలో "చలానాలన్నీ అద్దెదారే కట్టాలి" అని రాసుకుంటే రెండో బాకీ తేలుతుంది, మొదటిది తేలదు. ఆ ఒప్పందం పోలీసులను గానీ కోర్టును గానీ కట్టిపడేయదు. మొదటి బాకీ యజమాని మీద నుంచి తొలగాలంటే ఆ సమయంలో బండి నడిపినది ఎవరో చట్టం అడిగిన రీతిలో చెప్పాలి. చాలామంది యజమానులు ఒప్పందం ఉంది కదా అని ఊరుకుని, నడిపినవారెవరో తెలిపే ఈ పని చేయకుండా వదిలేస్తారు. ఈ మార్గదర్శి ముఖ్యంగా ఆ పని గురించే.

చట్టం ఎవరిని పట్టుకుంటుంది

మోటారు వాహనాల చట్టం, 1988లో కెమెరాలకు ఎక్కువగా చిక్కే నేరాలు నడిపినవారి మీద మోపేవే. అతివేగానికి 183వ సెక్షన్, ప్రమాదకరమైన డ్రైవింగుకు 184, సీటు బెల్టుకు 194బి, హెల్మెటుకు 194డి వర్తిస్తాయి. ఎర్ర లైటు దాటడం, నడుపుతూ చేతిలో ఫోను పట్టుకోవడం కూడా 184 కిందికే వస్తాయి. ఇవి ముఖ్యంగా "ఎవరు నడిపితే వారు" అన్న తీరులో రాసినవి. కాబట్టి యజమాని ఆ సమయంలో స్టీరింగు దగ్గర లేడని తేలితే, సాధారణంగా ఈ నేరాలకు శిక్ష పడవలసినది అతనికి కాదు.

అయితే కెమెరా చలానా యజమాని పేరునే మొదలవుతుంది, అక్కడి నుంచి దాన్ని కదిలించే దారి 133వ సెక్షన్‌లో ఉంది. ఒక వాహనం డ్రైవరు మీద నేరారోపణ వచ్చినప్పుడు, అధికారం ఉన్న పోలీసు అధికారి అడిగితే, యజమాని ఆ డ్రైవరు పేరు, చిరునామా, లైసెన్సు వివరాలు ఇవ్వాలి. తన దగ్గర ఉన్నవే కాక, తగిన శ్రద్ధ తీసుకుంటే తెలుసుకోగలిగినవి కూడా ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే వేరే నేరం అవుతుంది. 2019 సవరణ తర్వాత 187వ సెక్షన్ ప్రకారం దానికి ఆరు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అంటే "ఎవరు నడిపారో నాకు తెలియదు" అని చేతులు దులుపుకునే యజమాని, వెయ్యి రూపాయల చలానాను తప్పించుకోబోయి అంతకంటే పెద్ద చిక్కులో పడవచ్చు.

కొన్ని నేరాలు మాత్రం ఎవరు నడిపినా యజమానిని వదలవు. బీమా లేని బండిని నడపనిచ్చినా (సెక్షన్ 196), లైసెన్సు లేనివారి చేతికి తాళం ఇచ్చినా (సెక్షన్ 180, దీనికి 5,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు) అది యజమాని చేసిన నేరమే. మైనరు నడిపితే 199ఎ సెక్షన్ మరింత కఠినంగా ఉంటుంది. సంరక్షకుడికి గానీ యజమానికి గానీ మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి, బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దవుతుంది. తనకు తెలియకుండా జరిగిందని, లేదా ఆపడానికి తగినంత జాగ్రత్త తీసుకున్నానని నిరూపించుకుంటేనే యజమాని బయటపడతాడు. పదిహేనేళ్ల మేనల్లుడికి "ఇక్కడే కదా, గట్టు దాకా వెళ్లిరా" అని స్కూటీ ఇచ్చేవారు ఈ సెక్షన్‌ను దృష్టిలో పెట్టుకోవాలి.

తాళం ఇచ్చే ముందు చేయవలసిన పనులు

చలానా వచ్చిన తర్వాత పని ఎంత సులువవుతుందో, తాళం ఇచ్చిన రోజున ఏం దాచుకున్నారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మొదట ఆర్సీలో ఉన్న ఫోను నంబరు మీదేనా, వాడుకలో ఉన్నదేనా చూసుకోవాలి. ఎప్పుడో షోరూములో ఇచ్చిన పాత నంబరే ఉండిపోతే చలానా సందేశం మీకు చేరదు, చలానా కట్టడానికి ఉన్న గడువు మీకు తెలియకుండానే గడిచిపోతుంది. పరివాహన్ వెబ్‌సైటులో ఈ నంబరు మార్చుకోవచ్చు.

తర్వాత, తీసుకెళ్లేవారి లైసెన్సును రెండు వైపులా ఫొటో తీసి, గడువు ఉన్నదో లేదో, ఆ తరగతి వాహనానికి చెల్లుతుందో లేదో చూడాలి. ఇది సొంత అల్లుడైనా సరే. అల్లుడిని లైసెన్సు అడగడం మర్యాద కాదనిపిస్తే, "కారులో కాగితాలతో పాటు మీ లైసెన్సు ఫొటో కూడా ఒకటి నాకు పంపండి బాబూ, దారిలో ఆపితే పనికొస్తుంది" అంటే మనసు నొచ్చుకోకుండా పని జరుగుతుంది.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, సమయం. బండి ఏ తేదీన, ఎన్ని గంటలకు ఇచ్చారో, ఎన్ని గంటలకు తిరిగి వచ్చిందో రాతలో ఉండాలి. ఇంటివాళ్ల మధ్య ఒక వాట్సాప్ సందేశం చాలు: "13వ తేదీ ఉదయం 10 గంటలకు కారు తీసుకున్నాను, నేనే నడుపుతాను" అని తీసుకున్నవారి నుంచి వస్తే అదే రికార్డు. అద్దెకిచ్చేవారు ఇంకాస్త గట్టిగా ఉండాలి. ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు ఓడోమీటరు రీడింగుతో సహా బండి ఫొటోలు తీయాలి. ఆ క్షణానికి బండి మీద పెండింగు చలానాలు ఎన్ని ఉన్నాయో echallan.parivahan.gov.in లో చూసి స్క్రీన్‌షాటు దాచాలి. ఇది లేకపోతే పాత చలానా ఎవరిది, కొత్తది ఎవరిది అన్న వాదన తప్పదు.

అద్దె ఒప్పందంలో మూడు మాటలు తప్పనిసరిగా ఉండాలి. ఒప్పందంలో పేరున్న వారు తప్ప ఇంకెవరూ నడపకూడదన్నది మొదటిది. లైసెన్సు లేనివారు నడిపి దొరికితే "నేను అనుమతించలేదు" అని యజమాని చెప్పుకోవడానికి ఆ మాటే ఆధారం. అద్దె కాలంలో నడిపినవారి వివరాలు పోలీసులకు ఇవ్వడానికి అద్దెదారు అంగీకరిస్తున్నాడన్నది రెండోది. డిపాజిట్‌లో కొంత భాగం బండి తిరిగి వచ్చాక కూడా కొన్ని రోజులు నిలిపి ఉంచుతామన్నది మూడోది. ఆ రోజులు ఎన్ని ఉండాలన్నదానికి చట్టంలోనే ఒక కొలత ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో చేర్చిన 167ఎ ప్రకారం, కెమెరా పట్టిన నేరానికి నోటీసు పదిహేను రోజుల లోపు పంపాలి. కాబట్టి మూడు వారాలు నిలపడం సబబు. రెండు నెలలు ఆపితే అద్దెదారుకు అన్యాయం, తాళం తిరిగిచ్చిన రోజే మొత్తం ఇచ్చేస్తే యజమానికి నష్టం.

చలానా వచ్చిన రోజు

సందేశంలో వచ్చిన లింకును నొక్కవద్దు. చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తే అది మోసమే, దాన్ని ఫోనులో ఎక్కిస్తే బ్యాంకు ఖాతాకే ముప్పు. మీరే బ్రౌజరులో echallan.parivahan.gov.in అని టైపు చేసి, వాహనం నంబరు, ఛాసిస్ నంబరు లేదా ఇంజను నంబరు చివరి ఐదు అక్షరాలు ఇచ్చి చూడండి. చలానా నిజమైనదైతే అక్కడ కనిపిస్తుంది.

ఫొటో తెరిచి, నిదానంగా చూడండి. నంబరు మీదేనా, బండి రంగు, మోడలు మీవేనా అన్నది మొదటి ప్రశ్న. రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చాక ఒక్క అక్షరం తేడాతో ఎన్నో బండ్లు తిరుగుతున్నాయి, మట్టి పట్టిన ప్లేటు మీద 8ని 3గా, బిని 8గా చదివే అవకాశం ఉంటుంది. బండి మీది కాకపోతే నడిపినవారి ప్రసక్తే లేదు. మీ బండి ఫొటోను, ఆర్సీని జతచేసి చలానా రద్దు కోరాలి.

బండి మీదే అయితే చలానాలో ఉన్న తేదీ, సమయం, స్థలం కాగితం మీద రాసుకుని, మీ దగ్గరున్న అప్పగింత వివరాలతో సరిపోల్చాలి. ఇక్కడ అందరూ మరచిపోయే ఆధారం ఫాస్టాగ్ ఖాతా. బండి ఏ టోల్ గేటును ఎన్ని గంటలకు దాటిందో అందులో ఉంటుంది. ఎవరు నడిపారో అది చెప్పదు, కానీ బండి ఆ సమయంలో ఎవరి అధీనంలో ఏ దారిలో ఉందో నిలబెట్టడానికి ఉపయోగపడుతుంది. అలాగే 167ఎ ప్రకారం చలానాలో నేరం, నంబరు స్పష్టంగా కనిపించే ఫొటో, పరికరం కొలిచిన విలువ, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షన్ ఉల్లంఘించారో ఉండాలి. ఇవి లేకపోతే ఆ లోపాన్ని కూడా రాసిపెట్టుకోండి.

ఈ దశలో డబ్బు కట్టవద్దు. కట్టడమంటే నేరాన్ని రాజీ చేసుకున్నట్టు, ఆ చలానా అక్కడితో ముగిసిపోతుంది. తర్వాత నడిపినది వేరొకరని చెప్పుకోవడానికి చోటుండదు.

నడిపినవారి వివరాలు ఎలా ఇవ్వాలి

పోలీసులు అడిగేవరకు ఆగకుండా, చలానా చూసిన వెంటనే మీరే రాతపూర్వకంగా తెలపడం మంచిదని నా నిశ్చితాభిప్రాయం. దరఖాస్తు ఎవరికి రాయాలన్నది చలానాలోనే ఉంటుంది: ఏ పోలీసు విభాగం లేదా రవాణా కార్యాలయం జారీ చేసిందో ఆ అధికారికి రాయాలి. వెబ్‌సైటులోని ఫిర్యాదు విభాగంలో కూడా అవే కాగితాలు ఎక్కించి, వచ్చిన నంబరు దాచుకోవాలి. కాగితం మీద ఇచ్చినప్పుడు రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోవాలి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోవాలి. లేఖ ఇంత పొట్టిగా ఉన్నా చాలు:

"అయ్యా, ఫలానా నంబరు గల నా కారు మీద ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఫలానా చోట అతివేగం చలానా నమోదైంది. చలానా నంబరు ఇది. ఆ సమయంలో కారును నేను నడపలేదు. మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ ప్రకారం నడిపిన వ్యక్తి పేరు, చిరునామా, ఫోను నంబరు, డ్రైవింగు లైసెన్సు నంబరు దిగువ ఇస్తున్నాను. కారు వారి అధీనంలో ఉన్నట్టు తెలిపే అద్దె ఒప్పందం, లైసెన్సు ప్రతి, అప్పగింత ఫొటోలు, వారి అంగీకార పత్రం జతచేస్తున్నాను. చలానాను నా పేరు మీద నుంచి తొలగించి, తగిన చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాను."

జతచేసే కాగితాల్లో అన్నిటికంటే బలమైనది అంగీకార పత్రం. "ఆ సమయంలో ఆ కారును నేనే నడిపాను" అని నడిపినవారు సంతకం చేసి ఇస్తే అధికారికి వేరే విచారణ అవసరం ఉండదు. మాట సాయంగా ఇంకెవరి పేరో రాసివ్వడం మాత్రం చేయకూడదు. ఇంట్లో లైసెన్సు లేని పిల్లవాడు నడిపితే పెద్దవాళ్ల పేరు రాయడం అబద్ధపు సమాచారం ఇవ్వడమే, ఫొటోలో ముఖం కనిపిస్తే అది ఆ క్షణంలోనే బయటపడుతుంది.

ఒక ఉదాహరణ

రాజమహేంద్రవరంలో ఒకాయనకు సెల్ఫ్ డ్రైవ్ కార్లున్నాయని అనుకుందాం. సెల్ఫ్ డ్రైవ్ అద్దెకు నమోదైన, నల్ల ప్లేటు మీద పసుపు అంకెలున్న కారును హైదరాబాదు నుంచి వచ్చిన ఒకరికి జనవరి 13 ఉదయం 10 గంటలకు ఇచ్చి, 15 సాయంత్రం 6 గంటలకు వెనక్కు తీసుకున్నాడు. డిపాజిట్ 5,000 రూపాయలు. జనవరి 23న అతివేగం చలానా వచ్చింది. 14వ తేదీ ఉదయం 7 గంటల 40 నిమిషాలకు, జాతీయ రహదారి 16 మీద, సిద్ధాంతం వంతెన దాటాక తణుకు వైపు. మొత్తం 1,000 రూపాయలు.

యజమాని అప్పగింత వివరాలు తీశాడు. సమయం అద్దె కాలంలోనే ఉంది. ఫాస్టాగ్ ఖాతాలో అదే ఉదయం 7 గంటల 28 నిమిషాలకు ఈతకోట టోల్ గేటు దాటినట్టు ఉంది. దారీ దిశా సరిపోయాయి. అద్దెదారుకు ఫోను చేస్తే, "ఆ పూట మా తమ్ముడు నడిపాడండీ, భీమవరంలో పందేలకు వెళ్తున్నాం" అన్నాడు. ఒప్పందంలో తమ్ముడి పేరు లేదు.

ఇక్కడ యజమాని తప్పటడుగు వేసే అవకాశం ఉంది. ఒప్పందంలో ఉన్నది అద్దెదారు పేరే కదా అని అతన్నే డ్రైవరుగా రాసి పంపితే, తనకు తెలిసిన నిజాన్ని దాచినట్టవుతుంది. తమ్ముడి పేరు, చిరునామా, లైసెన్సు ప్రతి అడిగి తీసుకోవాలి, తమ్ముడి నుంచి అంగీకార పత్రం రాయించుకోవాలి. లేఖలో మాత్రం రెండు విషయాలూ వేరువేరుగా రాయాలి: ఒప్పందం ప్రకారం కారు ఫలానా వారి అధీనంలో ఉంది, ఆ సమయంలో ఫలానా వారు నడిపినట్టు అద్దెదారు తెలిపారు. తమ్ముడికి లైసెన్సు ఉంటే వ్యవహారం అతివేగంతో ఆగుతుంది. లేకపోతే తమ్ముడి మీద 181వ సెక్షన్ వస్తుంది, ఒప్పందంలోని "వేరెవరూ నడపకూడదు" అన్న మాట యజమానిని 180వ సెక్షన్ నుంచి కాపాడడానికి పనికొస్తుంది.

తమ్ముడు సంతకం చేయకపోతే? ఒప్పందం, ఫాస్టాగ్ వివరాలు, అద్దెదారు పంపిన సందేశాల స్క్రీన్‌షాట్లు జతచేసి, తెలిసినంత సమాచారం ఇచ్చి, 133వ సెక్షన్ కింద తన బాధ్యత నెరవేర్చానని యజమాని రికార్డు చేయించుకోవాలి. చట్టం అడిగేది తగిన శ్రద్ధే.

లేఖ ఇచ్చాక అధికారి చలానాను డ్రైవరు మీదికి మార్చితే సమస్య లేదు. స్పందన రాక గడువు దగ్గర పడితే యజమాని ఎంచుకోవాలి. మొత్తం వెయ్యి రూపాయలే అయి, అద్దెదారు కట్టడానికి ఒప్పుకుంటే, అతని చేతే ఆన్‌లైనులో కట్టించి, రసీదు తీసుకుని, డిపాజిట్ వెనక్కు ఇచ్చేయడం అందరికీ తేలిక. అద్దెదారు మొండికేస్తే డిపాజిట్‌లోంచి మినహాయించి, చలానా ప్రతి, రసీదు అతనికి పంపాలి. చలానా మొత్తం కంటే ఎక్కువ కోసుకోవడానికి ఒప్పందంలో ముందే రాసుకున్న సేవా రుసుము తప్ప వేరే ఆధారం లేదు. కానీ చలానా 184వ సెక్షన్ కింద ఉన్నా, ఆ ప్రయాణంలో ప్రమాదం జరిగిందని తెలిసినా, ఎంత చిన్న మొత్తమైనా యజమాని కట్టకూడదు. ఆ నేరానికి జైలు శిక్ష కూడా ఉంది, కాబట్టి న్యాయవాదిని కలిసి, చలానా కోర్టుకు వెళ్లాక అక్కడే ఆధారాలు చూపించాలి. అలాగని ఏమీ చేయకుండా వదిలేస్తే, పెండింగు చలానా ఉన్న బండికి రవాణా శాఖ సేవలు నిలిచిపోయి, అమ్మకానికో పర్మిటుకో వెళ్లినప్పుడు అడ్డం పడుతుంది.

తెల్ల ప్లేటు కారును అద్దెకిస్తే

డెల్టాలో ఇది ఎక్కువ. సొంత వాడకానికి కొన్న తెల్ల ప్లేటు కారును పండగ రోజుల్లో రోజుకింత అని ఇస్తారు. అలాంటి యజమాని పైన చెప్పిన లేఖ రాయబోతే, జతచేయవలసిన అద్దె ఒప్పందమే అతనికి వ్యతిరేక సాక్ష్యం అవుతుంది. పర్మిటు లేకుండా అద్దెకు తిప్పినందుకు 192ఎ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానాతో పాటు జైలు కూడా ఉండవచ్చు, సొంత వాడకానికి తీసుకున్న బీమా అద్దె ప్రయాణానికి చెల్లదని కంపెనీ వాదిస్తుంది. వెయ్యి రూపాయల చలానాను మళ్లించే దారి అతనికి ఆచరణలో మూసుకుపోయినట్టే. అద్దె వ్యాపారం చేయదలిస్తే కారును ఆ తరగతిలో నమోదు చేయించుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

అమ్మిన బండి, యానాం బండి

అమ్మేసి పేరు మార్పించని బండి మీద వచ్చే చలానాలను చాలామంది ఎరువిచ్చిన బండి చలానాలతో కలిపి చూస్తారు. పేరు మారేవరకు వాహన్ దృష్టిలో మీరే యజమాని. 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే పద్నాలుగు రోజుల్లో అమ్మినవారు ఫారం 29 ద్వారా తెలియజేయాలి. ఆ ఫారం ప్రతి, అమ్మకపు రసీదు, కొన్నవారి ఆధారు ప్రతి ఉంటే 133వ సెక్షన్ లేఖకు అవే జతచేయాలి. తెల్ల కాగితం మీద రాసుకున్న రసీదు ఒక్కటే ఉంటే పని కష్టమవుతుంది.

యానాం పుదుచ్చేరిలో భాగం కాబట్టి అక్కడి బండ్లకు పీవై 04 నంబరు ఉంటుంది. కాకినాడలోనో అమలాపురంలోనో ఆ బండి దొరికితే లేఖ రాయవలసినది చలానా జారీ చేసిన ఆంధ్రప్రదేశ్ అధికారికే గానీ యానాం రవాణా కార్యాలయానికి కాదు. అలాగే కోనసీమ బండి యానాంలో దొరికితే పుదుచ్చేరి అధికారికి రాయాలి. చట్టం కేంద్రానిది కాబట్టి సెక్షన్లు రెండు చోట్లా అవే. జరిమానా మొత్తం మాత్రం ఆయా ప్రభుత్వాల ఉత్తర్వులను బట్టి వేరుగా ఉండవచ్చు, కాబట్టి చలానాలో చూపిన అంకెనే లెక్కలోకి తీసుకుని అద్దెదారు నుంచి వసూలు చేసుకోవాలి.